ముప్పై నిండడమంటే ఏమిటి? ఆరోగ్యపరీక్షల ప్రారంభ వయసు - పుట్టినతేదీ లెక్క: తొర్రూరు ప్రాంత పరిశీలన

వ్యాససంగ్రహం:

అసాంక్రమిక వ్యాధుల ముందస్తు పరీక్షలకు ప్రభుత్వ మార్గదర్శకాలు ముప్పై ఏళ్ళను ప్రారంభ వయసుగా నిర్ణయించాయి. ఆ ముప్పైని నిండిన ఏళ్ళలో లెక్కించాలి. వయసు చెప్పే తెలుగు మాటల్లో నిండిన ఏడూ, నడుస్తున్న ఏడూ పక్కపక్కనే వాడుకలో ఉన్నాయి. కాగితాల మీది పుట్టినతేదీలు తరచుగా అసలు తేదీలు కావు. ఈ రెండు కారణాలవల్ల అర్హత లెక్క ఎక్కడ తప్పుతుందో, దాన్ని ఎలా సరిచూడవచ్చో మహబూబాబాద్ జిల్లా తొర్రూరు ప్రాంత నేపథ్యంలో ఒక ఉదాహరణ ద్వారా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నిండిన వయసు, నడుస్తున్న ఏడు, పుట్టినతేదీ, ముందస్తు పరీక్ష, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, మేడారం జాతర, తొర్రూరు.

1. ఉపోద్ఘాతం:

వరంగల్లు నుంచి ఖమ్మం వెళ్ళే రహదారి మీద ఉన్న తొర్రూరు 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఉమ్మడి వరంగల్లు జిల్లాలో ఉండేది. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్ళి నింపే పత్రాల్లో సీబ్యాక్ ఫారం ఒకటి. బీపీ, షుగరు, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలకు ఎవరిని ముందుగా పిలవాలో తేల్చడానికి ఉద్దేశించిన పత్రమిది. అందులోని మొదటి ప్రశ్న వయసు గురించినదే. ఆ ప్రశ్న పక్కన 'పూర్తయిన సంవత్సరాలలో' అన్న నియమం ఉంటుంది. చూడటానికి చిన్నదైన ఈ నియమం మీదే తక్కిన లెక్కంతా ఆధారపడి ఉంది.

2016లో కేంద్ర ఆరోగ్య కుటుంబ సంక్షేమ శాఖ వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ముప్పై ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఏడాదికొకసారి బీపీ, షుగరు చూడాలి. 30 నుంచి 65 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీపురుషులకు నోటి పరీక్ష, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ఐదేళ్ళకొకసారి జరగాలి. 2025 ఫిబ్రవరి 20 నుంచి మార్చి 31 వరకు దేశవ్యాప్తంగా జరిగిన ప్రత్యేక పరీక్షల కార్యక్రమానికి కూడా ఇదే ముప్పై ప్రమాణం.

సీబ్యాక్ ఫారంలో వయసుకు మార్కులున్నాయి. సవరించిన ఫారంలో ముప్పైకి లోపు సున్న, ముప్పైలలో ఒకటి, నలభైలలో రెండు, యాభైలలో మూడు, అరవై దాటితే నాలుగు. పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, శారీరక శ్రమ, కుటుంబ చరిత్ర మొదలైనవాటి మార్కులు కలిపి మొత్తం నాలుగు దాటితే ఆ వ్యక్తిని ముందుగా పంపాలి. మార్కులు తక్కువ వచ్చినవారిని వదిలిపెట్టమని దీని అర్థం కాదు. ముప్పై నిండినవారందరూ పరీక్షకు రావలసినవారే. మార్కులు వరుసను మాత్రమే నిర్ణయిస్తాయి. క్షేత్రస్థాయిలో తరచుగా తారుమారయ్యే విషయం కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది.

2. ముప్పై ఎందుకు?

ఐదు పరీక్షలకూ ఒకే ప్రారంభ వయసు ఉండటం పాలనాపరమైన సౌలభ్యం. వైద్యపరంగా మాత్రం ప్రతి పరీక్షకూ వేరే కారణం ఉంది. వాటిలో గర్భాశయ ముఖద్వార పరీక్ష విషయంలోనే వయసు ప్రమేయం స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఇరవైలలో ఉన్న స్త్రీలకు ఈ వైరస్ సోకడం సాధారణం. ఒకటి రెండేళ్ళలో శరీరమే దాన్ని వదిలించుకోవడం అంతకన్నా సాధారణం. వదలకుండా నిలిచిపోయిన కొద్దిమందిలోనే కణాలు క్రమంగా మారతాయి. రోగనిరోధక శక్తి బాగున్న స్త్రీలో ఆ మార్పు క్యాన్సర్ దాకా రావడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. కనుక ఇరవై రెండేళ్ళకే పరీక్ష చేస్తే తనంతట తానే తగ్గిపోయే మార్పును రోగమని భ్రమించి చికిత్స చేసే ప్రమాదముంది. ముప్పై దగ్గర మొదలుపెడితే నిలిచిపోయిన మార్పు దొరుకుతుంది, చికిత్సకు వ్యవధి కూడా మిగులుతుంది. హెచ్‌ఐవీతో జీవిస్తున్న స్త్రీలలో ఈ ప్రయాణం చాలా వేగంగా సాగుతుంది కాబట్టి వారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 25 ఏళ్ళను ప్రారంభ వయసుగా సూచించింది. తక్కినవారికి ఆ సంస్థ చెప్పినది కూడా ముప్పైయే.

పల్లె దవాఖానల స్థాయిలో ఇందుకు వాడే పద్ధతి చాలా సరళమైనది. 3 నుంచి 5 శాతం అసెటిక్ ఆమ్లాన్ని గర్భాశయ ముఖద్వారానికి పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లబడిన మచ్చ ఉన్నదేమో కంటితో చూస్తారు. రెండు రకాల కణాలు కలిసే సరిహద్దు దగ్గర ఈ మార్పులు మొదలవుతాయి. ముట్లుడిగిన తర్వాత ఆ సరిహద్దు లోపలి మార్గంలోకి జరిగిపోతుంది, కంటికి కనిపించదు. అందుకే కంటితో చూసే ఈ పద్ధతి 30 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలకు బాగా నప్పుతుంది. యాభై దాటిన స్త్రీకి 'మచ్చ లేదు' అని రాసేముందు ఆ సరిహద్దు అసలు కనిపించిందా అన్నది చూడాలి. కనిపించకపోతే ఆ ఫలితానికి విలువ లేదు. హెచ్‌పీవీ పరీక్ష వంటి మరో మార్గం అవసరమవుతుంది.

ఈ వయసులకు మన దేశంలోనే జరిగిన పరిశోధనల ఆధారం ఉంది. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలోనూ, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలోనూ జరిగిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అధ్యయనాలు 30 నుంచి 59 ఏళ్ళ స్త్రీలను తీసుకున్నాయి. తిరువనంతపురంలో జరిగిన నోటి పరీక్షల అధ్యయనం 35 ఏళ్ళు, ఆపై వారిని తీసుకుంది. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు తగ్గాయని 2005లో వెల్లడించింది. అంటే నోటి పరీక్షకు అధ్యయనం 35 నుంచి మొదలైతే కార్యక్రమం 30 నుంచి మొదలైంది. ముప్పై అనేది ప్రకృతి గీసిన గీత కాదనీ, ఆధారాలకు దగ్గరగా మనుషులు ఎంచుకున్న గీత అనీ దీన్నిబట్టి గ్రహించవచ్చు.

వ్యాధి లక్షణాలున్నవారికి మాత్రం ఈ గీత వర్తించదు. రొమ్ములో గడ్డ, రెండు నెలసరుల మధ్య రక్తస్రావం, కలయిక తర్వాత రక్తస్రావం, రెండు వారాలైనా మానని నోటిపుండు వంటివి సీబ్యాక్ ఫారం రెండో భాగంలో ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కదానికి 'అవును' అన్నా వెంటనే వైద్యాధికారి దగ్గరకు పంపాలి. ఇరవై ఆరేళ్ళ స్త్రీ రక్తస్రావం గురించి చెప్పినప్పుడు 'నీకింకా ముప్పై రాలేదు' అని తిప్పి పంపడం ముందస్తు పరీక్షకూ, రోగనిర్ధారణకూ తేడా తెలియకపోవడం వల్ల జరిగే పొరపాటు.

3. వయసు చెప్పే తెలుగు మాటలు:

తెలుగులో వయసు చెప్పడానికి కనీసం రెండు లెక్కలున్నాయి. మొదటిది నిండిన ఏళ్ళ లెక్క: 'ముప్పై నిండాయి', 'ముప్పై వెళ్ళాయి', తొర్రూరు ప్రాంత వ్యవహారంలో 'ముప్పై ఏండ్లు నిండినయి', 'ముప్పై ఎల్లినయి'. రెండోది నడుస్తున్న ఏటి లెక్క: 'ముప్పయ్యో ఏడు నడుస్తున్నది', 'ముప్పయ్యో పడి'. రెండో లెక్కలో ముప్పై అన్న మనిషికి నిండినవి ఇరవై తొమ్మిదే.

ఈ రెండింటి మధ్య 'ముప్పైలో పడ్డది' అన్న మాట ఉంది. కొందరికిది ముప్పయ్యో ఏట అడుగుపెట్టడం, అంటే ఇరవై తొమ్మిది నిండటం. మరికొందరికి ముప్పై నిండి ముప్పైలలోకి రావడం. సందర్భం తెలియకుండా ఈ మాటకు అర్థం నిర్ణయించడం కష్టం. 'ఎన్నేండ్లక్కా?' అన్న ప్రశ్నకు 'ముప్పైలో పడ్డయ్' అన్న జవాబు వస్తే ఫారం గడిలో 30 అనే రాస్తారు. అది 29 కూడా కావచ్చు. 'నిండినయా, నడుస్తున్నయా?' అని మరొక్కమాట అడిగితే సందేహం తీరిపోతుంది.

నిండిన ఏళ్ళ లెక్క తెలుగువారికి పరాయిది కాదు. అరవై ఏళ్ళు నిండినప్పుడు చేసే షష్టిపూర్తి పేరులోనే 'పూర్తి' ఉంది. పుట్టిన సంవత్సరం పేరే అరవై ఏళ్ళ చక్రం తిరిగి మళ్ళీ వచ్చినప్పుడు ఆ వేడుక జరుగుతుంది. 1965లో వచ్చిన విశ్వావసు 2025లో మళ్ళీ వచ్చింది. అయితే షష్టిపూర్తిని తిథి ప్రకారం చేస్తారు, మార్గదర్శకాలు ఇంగ్లీషు తేదీ ప్రకారం నడుస్తాయి. అధికమాసాలవల్ల ఈ రెండింటి మధ్య కొన్ని వారాల తేడా రావచ్చు; పరీక్షల విషయంలో ఆ తేడా లెక్కలోకి రాదు.

చట్టం లెక్క మరొకటి. 1875 నాటి భారతీయ మెజారిటీ చట్టం పుట్టిన రోజును పూర్తి దినంగా లెక్కించమంటుంది. 1986లో ప్రభుదయాళ్ సెస్మా కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతినే అనుసరించి, పుట్టినరోజుకు ముందురోజుతోనే ఆ వయసు పూర్తవుతుందని చెప్పింది. జూలై 1న పుట్టిన అధ్యాపకుడు జూలై 31న కాక జూన్ 30న పదవీవిరమణ చేయడానికి కారణమిదే. కళాశాలల్లో ఈ ఒక్కరోజు గురించి ఎంత చర్చ జరుగుతుందో తెలిసిందే. ఆరోగ్యపరీక్షకు మాత్రం ఆ ఒక్కరోజుతో నిమిత్తం లేదు.

4. కాగితం మీది తేదీ:

మాట స్పష్టమైనా తేదీ స్పష్టం కాకపోవచ్చు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా, ఇంటి దగ్గర మంత్రసాని చేతుల్లో పుట్టినవారిలో చాలామంది జననాలు నమోదు కాలేదు. వారికి మొదటి పుట్టినతేదీ దొరికింది బడిలో చేరినరోజే. బడిలో చేర్చడానికి వయసు చాలని పిల్లవాడికి ఏడాది కలిపి, ఆలస్యంగా వచ్చిన పిల్లకు రెండేళ్ళు తగ్గించి, ఉపాధ్యాయుడు రాసిన తేదీ తర్వాత పదో తరగతి సర్టిఫికెట్టులోకి ఎక్కి స్థిరపడింది. జూన్, జూలై నెలల తేదీలు ఆ తరంవారి కాగితాల్లో విరివిగా కనిపించడానికి బడులు తెరిచే కాలమే కారణం.

బడికి వెళ్ళనివారి సంగతి వేరు. ఆధార్ నమోదు సమయంలో తేదీ చెప్పలేనివారి వయసును సుమారుగా రాసుకున్నారు. ఆ వయసును బట్టి పుట్టిన సంవత్సరం లెక్కించి, తేదీగా జనవరి 1 చేర్చారు. అందుకే ఆధార్‌లో 01/01 కనిపిస్తే అది తేదీ కాదనీ, సంవత్సరం మాత్రమేననీ, ఆ సంవత్సరం కూడా ఊహ కావచ్చుననీ అనుకోవాలి. నష్టపరిహారానికి సంబంధించిన ఒక కేసులో 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆధార్‌ను పుట్టినతేదీకి రుజువుగా తీసుకోలేమని చెప్పి, బడి సర్టిఫికెట్టునే ప్రమాణంగా తీసుకుంది. ఇటు ఆధార్ ద్వారా తీసుకునే ఆభా ఆరోగ్య సంఖ్యలోకి ఆధార్‌లో ఉన్న పుట్టినతేదీయే చేరుతుంది. కోర్టు రుజువుగా అంగీకరించని తేదీయే ఆరోగ్య రికార్డుకు పునాది అవుతోందన్నమాట.

పెద్దవారి వయసును మరో బలం పైకి లాగుతుంది. తెలంగాణలో ఆసరా వృద్ధాప్య పింఛనుకు మొదట 65 ఏళ్ళ అర్హత ఉండేది. 2021లో దాన్ని 57కు తగ్గించారు. పింఛను కోసం కాగితం మీద వయసు పెరిగిన స్త్రీకి ఆ పెరుగుదల క్యాన్సర్ పరీక్షల పైఅంచు దగ్గర అడ్డం వస్తుంది. ఈ సంగతి చివరి భాగంలో వస్తుంది.

5. ఒక ఉదాహరణ:

ఈ చిక్కులన్నీ ఒకేచోట కలిసే సందర్భాన్ని ఊహించి చూడవచ్చు. తొర్రూరు మండలంలోని ఒక పల్లెలో 2026 మార్చి 15న పరీక్షల శిబిరం జరిగిందనుకుందాం. ఒక వ్యవసాయ కూలీ స్త్రీ వచ్చింది. ఆమె దగ్గర మూడు కాగితాలున్నాయి.

ఆధార్‌లో 01/01/1999. ఆ లెక్కన ఆమెకు 27 నిండాయి. ఐదో తరగతి వరకు చదివిన బడి ఇచ్చిన కాగితంలో 01/06/1997. ఆ లెక్కన 28. పాత ఓటరు కార్డులో తేదీ లేదు, '1-1-2015 నాటికి వయసు 20' అని ఉంది. ఇలాంటి నమోదును జాగ్రత్తగా చదవాలి. ఆరోజుకు ఇరవై నిండి, ఇరవై ఒకటి నిండని మనిషి 1994 జనవరి 2కూ 1995 జనవరి 1కీ మధ్య ఎప్పుడైనా పుట్టి ఉండవచ్చు. ఆ లెక్కన శిబిరం నాటికి 31 లేదా 32. మూడు కాగితాలు కలిసి ఐదేళ్ళ తేడా చూపిస్తున్నాయి. రెండింటి ప్రకారం ఆమె అనర్హురాలు, ఒకదాని ప్రకారం అర్హురాలు.

కాగితాలు తేల్చని విషయాన్ని జ్ఞాపకం తేల్చగలదు. జనాభా సర్వేల్లో వయసు తెలియనివారి కోసం స్థానిక సంఘటనల పట్టిక వాడటం పాత పద్ధతి. ఉమ్మడి వరంగల్లు ప్రాంతానికి అలాంటి పట్టిక తయారుచేయాలంటే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరను మించిన గుర్తు లేదు. రెండేళ్ళకొకసారి, సరిసంఖ్య సంవత్సరాల్లో, మాఘ పౌర్ణమి ప్రాంతంలో ఆ జాతర జరుగుతుంది. ఆ స్త్రీ తల్లిని అడిగితే వచ్చే జవాబు ఇలా ఉంటుంది: 'ఎన్టీ రామారావు చచ్చిపోయినంక అచ్చిన జాతరకు మా ఇంటోళ్ళంత పోయిండ్రు బిడ్డా. నాకు నెలలు నిండినయని నేను పోలె. ఆళ్ళు మల్లి ఇంటికచ్చిన వారం పదిరోజులకు ఇది పుట్టింది.'

ఎన్టీ రామారావు మరణించినది 1996 జనవరి 18న. ఆ ఏడు మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 4న వచ్చింది, మాఘమాసం ఫిబ్రవరి 18తో ముగిసింది. జాతర నుంచి తిరిగివచ్చిన వారం పదిరోజులంటే ఫిబ్రవరి రెండో వారం అటూ ఇటూ. ఒక వారం ముందుకో వెనక్కో జరిపినా ఫిబ్రవరి దాటదు. కాబట్టి 2026 ఫిబ్రవరి ముగిసేసరికి ఆమెకు ముప్పై నిండాయి. శిబిరంనాటికి ఆమె అర్హురాలు.

తల్లి జ్ఞాపకాన్ని కూడా సరిచూడాలి. రెండేళ్ళకొకసారి వచ్చే గుర్తుకు ఒక బలహీనత ఉంది: ఒక జాతరను మరో జాతరగా పొరబడితే లెక్క ఒకేసారి రెండేళ్ళు తప్పుతుంది. 1998 జాతర అనుకుంటే ఆమె వయసు 28కి దిగుతుంది. అందుకే రెండో గుర్తు కావాలి. ఇక్కడ ఎన్టీఆర్ మరణం ఆ పని చేసింది. అది లేకపోతే పంచాంగ సంవత్సరం పేరు చేస్తుంది: 1996 మాఘం యువ నామ సంవత్సరంలో, 1998 మాఘం ఈశ్వర నామ సంవత్సరంలో వచ్చాయి. పేరుపెట్టిన పురోహితుడి చీటీయో, జాతకం ముక్కో మిగిలి ఉంటే అందులో ఆ పేరు ఉంటుంది. అదీ లేకపోతే పక్కింట్లో అదే ఏడు పుట్టి, తేదీ రూఢిగా తెలిసిన పిల్లలతో పోల్చాలి.

అన్ని సందర్భాల్లోనూ లెక్క ఇంత తేటగా తేలదు. అప్పుడు చేయవలసింది ఒక తేదీని ఊహించి రాయడం కాదు, రెండు హద్దులను గుర్తించడం: అంతకు ముందు పుట్టి ఉండదనగల తేదీ, అంతకు తర్వాత పుట్టి ఉండదనగల తేదీ. తర్వాతి హద్దును బట్టి కూడా ముప్పై నిండితే సందేహమే లేదు. ముందరి హద్దును బట్టి కూడా నిండకపోతే వేచి ఉండవచ్చు. ముప్పై ఆ రెండు హద్దుల మధ్య పడితే పరీక్ష చేయడమే సబబు. ఇరవై తొమ్మిదేళ్ళ స్త్రీకి బీపీ చూడటంవల్ల నష్టమేమీ లేదు. గర్భాశయ ముఖద్వార పరీక్షలో అనవసరపు అనుమానం కలిగే అవకాశం కొద్దిగా పెరుగుతుంది, నిజమే. కానీ ఆధార్‌లోని 1999ని నమ్మి తిప్పి పంపితే ఆమె మళ్ళీ అర్హురాలయ్యేది 2029 జనవరిలో. ఆ దాదాపు మూడేళ్ళ జాప్యంతో పోలిస్తే ఈ నష్టం చిన్నది.

6. యంత్రం చేసే కూడికలు:

శిబిరాల జాబితాలను స్ప్రెడ్‌షీట్‌లో తయారుచేసేటప్పుడు తేదీలు సరిగా ఉన్నా లెక్క తప్పే అవకాశముంది. బీ గడిలో పుట్టినతేదీ, సీ గడిలో శిబిరం తేదీ ఉన్నాయనుకుంటే, తరచుగా కనిపించే రెండు తప్పు సూత్రాలివి:

```
=YEAR(C2)-YEAR(B2)
=INT((C2-B2)/365)
```

మొదటిది సంవత్సరాలను మాత్రమే తీసివేస్తుంది. 1996 డిసెంబరు 20న పుట్టిన మనిషికి 2026 మార్చి 15న 30 అని చూపిస్తుంది. నిజానికి నిండినవి 29 ఏళ్ళు, దాదాపు మూడు నెలలు. రెండోది లీపు సంవత్సరాలను మరిచిపోతుంది. 1996 మార్చి 20న పుట్టిన మనిషికి అదే శిబిరంనాటికి ముప్పై నిండటానికి ఐదు రోజులు తక్కువ. మధ్యలో 2000 నుంచి 2024 వరకు ఏడు లీపు రోజులు వచ్చాయి కాబట్టి గడిచిన రోజులు 10,952. వాటిని 365తో భాగిస్తే 30.005 వస్తుంది, సూత్రం 30 అంటుంది. నిండిన ఏళ్ళను సరిగా ఇచ్చేది ఇది:

```
=DATEDIF(B2,C2,"Y")
```

రెండో తప్పువల్ల రోజుల తేడాయే వస్తుంది, దాన్ని ఉపేక్షించవచ్చు. మొదటిది దాదాపు ఏడాది దాకా తేడా తెస్తుంది. అయితే కొన్ని కార్యక్రమాలు ఆ మొదటి లెక్కకు దగ్గరి పద్ధతిని తెలిసే ఎంచుకుంటాయి. ఇంగ్లండులో ఉదర ధమని వాపు పరీక్షకు పురుషులను 65 నిండే సంవత్సరంలో పిలుస్తారు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు ఉండే ఆ ఏడాదిలో పుట్టినరోజుకు ముందే పిలుపు రావచ్చు. అక్కడి రొమ్ము పరీక్షకు 50 ఏళ్ళ అర్హత ఉన్నా, మూడేళ్ళకొకసారి వంతు తిరుగుతుంది కాబట్టి మొదటి పిలుపు 53వ పుట్టినరోజు లోపు ఎప్పుడైనా రావచ్చు. అర్హత ఒక తేదీ, పిలుపు మరో తేదీ. మన శిబిరాల్లో ఈ రెండూ ఒకటేనన్న భావన బలంగా ఉంది.

జాబితా మొత్తం నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఒక ఊరి రిజిస్టరులో 29, 30, 31 ఏళ్ళవారి సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడాలి. ముప్పై దగ్గర సంఖ్య రెండువైపుల కన్నా ఎంతో ఎక్కువగా ఉంటే వయసులు అడిగి రాసినవి కావు, గుండ్రంగా వేసినవని అర్థం. సున్నతో, ఐదుతో ముగిసే వయసుల వైపు జనం మొగ్గటాన్ని జనాభాశాస్త్రంలో విపుల్ సూచికతో కొలుస్తారు. 23 నుంచి 62 ఏళ్ళ వరకు ఉన్నవారిలో ఆ అంకెలతో ముగిసే వయసులవారు ఐదో వంతే ఉంటే సూచిక 100. అందరూ అలాగే ఉంటే 500. గ్రామీణ వయోవివరాల మీద పనిచేసే పరిశోధకులు తమ సేకరణకు ఈ కొలతను వర్తింపజేసి చూసుకోవడం అవసరం.

7. పైఅంచు, మధ్య విరామం:

కిందిఅంచు గురించి ఇంత చెప్పుకున్నాక పైఅంచు దగ్గర భాష మరోసారి తడబడుతుంది. '30 నుంచి 65 ఏళ్ళు' అన్నప్పుడు 65 నిండిన స్త్రీ లోపలా, బయటా? నిండిన ఏళ్ళ లెక్క ప్రకారం 66వ పుట్టినరోజుకు ముందురోజు వరకు ఆమె వయసు 65. కనుక ఆమె లోపలే. ఇంగ్లండు రొమ్ము పరీక్షల నియమం '71వ పుట్టినరోజు వరకు' అని ఉండటంవల్ల అక్కడ ఈ సందేహమే పుట్టదు. తెలుగులో శిబిరాల ప్రకటనలు రాసేవారు '65 వరకు' అనే బదులు '66వ పుట్టినరోజు వచ్చే వరకు' అని రాస్తే వివాదం ఉండదు.

పింఛను కోసం వయసు పెరిగిన స్త్రీ ఇక్కడే ఇబ్బంది పడుతుంది. నిజంగా అరవై ఏళ్ళున్నా కార్డులో 66 ఉంటే రొమ్ము, గర్భాశయ ముఖద్వార, నోటి పరీక్షల జాబితా నుంచి ఆమె పేరు జారిపోతుంది. బీపీ, షుగరుకు పైఅంచు లేదు కనుక శిబిరానికి వస్తూనే ఉంటుంది. ఆ రెండు పరీక్షలూ చేయించుకుని, తక్కిన మూడూ కూడా అయ్యాయన్న నమ్మకంతో ఇంటికి వెళుతుంది. తన వయసు పెంచి రాయించిన సంగతి ఆమె శిబిరంలో బయటపెట్టదు, పింఛను పోతుందన్న భయం ఉంటుంది. ఆమెను కాగితం చూపమని అడగడంకన్నా పెద్దకొడుకు ఏ ఏడు పుట్టాడో, అప్పటికి తనకు పెళ్ళయి ఎన్నేళ్ళయిందో అడగడం మేలు. కొడుకు వయసు కాగితం మీద సరిగా ఉండే అవకాశం ఎక్కువ. అక్కడినుంచి వెనక్కి లెక్కించవచ్చు.

ఐదేళ్ళ విరామం లెక్క మాత్రం పుట్టినతేదీతో సంబంధం లేనిది. అది చివరి పరీక్ష జరిగిన రోజు నుంచి మొదలవుతుంది. 35, 40, 45 నిండినప్పుడు వెళ్ళాలన్న అపోహ ఉన్నది కానీ నియమం అది కాదు. పై ఉదాహరణలోని స్త్రీ 2026 మార్చి 15న పరీక్ష చేయించుకుని, ఫలితంలో అనుమానమేమీ లేకపోతే, ఆమె తర్వాతి పరీక్ష 2031 మార్చిలో. అప్పటికి ఆధార్ ప్రకారం ఆమెకు 32, తల్లి జ్ఞాపకం ప్రకారం 35. ఏది నమ్మినా పరీక్ష తేదీ మారదు. అందుకు ఆమె చేతిలో ఉండవలసింది పుట్టినతేదీ కాగితం కాదు, మొన్నటి శిబిరం తేదీ వేసి ఇచ్చిన చీటీ.